బావ తిట్టడం మానేసిన మధ్యాహ్నం

ఏడో తరగతి సైన్సు పరీక్షలో జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు. నోరు గీశాను. గొట్టం గీశాను. పేగులు చుట్టలు చుట్టలుగా, జిలేబీ వేసినట్టు, మహా అందంగా గీశాను. కడుపు గీయడం మర్చిపోయాను. మాస్టారు ఆ కాగితాన్ని క్లాసంతటికీ ఎత్తి చూపించి, "వీడు తిన్నది ఎటు పోతోందో వీడికే తెలీదర్రా!" అన్నారు. ఆ ఏడాదితో బడికీ నాకూ చెల్లిపోయింది. ఎవరూ బాధపడలేదు, ముఖ్యంగా మాస్టారు.

ఇప్పుడు నా ఉద్యోగమంతా ఆ రోజు నేను గీయడం మర్చిపోయిన కడుపు చుట్టూనే తిరుగుతోంది. మచిలీపట్నంలో ఒక ఆసుపత్రిలో కడుపు, పేగుల జబ్బుల వార్డులో పనిచేస్తాను. పేషెంట్లను తోసుకెళ్తాను, తిప్పి పడుకోబెడతాను, బెడ్‌పాన్ పెడతాను, తీస్తాను, కడుగుతాను, యూరిన్ బ్యాగ్ కొలిచి ఖాళీ చేస్తాను. దీన్ని వార్డ్ బాయ్ ఉద్యోగం అంటారు. నలభై ఆరేళ్లొచ్చాయి, మీసం తెల్లబడింది, మోకాళ్లు చప్పుడు చేస్తున్నాయి, ఇంకా బాయ్‌నే. ఈ లోకంలో వయసు పెరగని వాళ్లం ఇద్దరమే: కేలండర్లో బాలకృష్ణుడూ నేనూ.

దీనికి ముందు పదిహేనేళ్లు గిలకలదిండి హార్బర్లో ఐసు మోశాను. అందుకే బోట్ల మీద పనిచేసే మనిషి మా వార్డుకొస్తే నాకు చుట్టం వచ్చినట్టే ఉంటుంది. చుట్టం వచ్చినందుకు సంతోషించకూడని చోటు అది ఒక్కటే.

మూడేళ్ల కిందట ఒక ఉదయం అలా వచ్చినవాడే ఈ బావ. నాకు పిల్లనిచ్చినవాడూ కాదు, నా చెల్లెల్ని చేసుకున్నవాడూ కాదు. హార్బర్లో ఆయన నడిపే బోటుకి ఐసు వేసిన రోజుల నుంచీ బావా అంటే బావా అనుకోవడం. యాభై రెండేళ్ల మనిషి, తుమ్మమొద్దులాంటి ఒళ్లు, సముద్రం మీద ముప్పై ఏళ్లు. నోరు తెరిస్తే తిట్టు. ఆ తిట్లలో ప్రేమ ఎక్కువ, మర్యాద తక్కువ.

అంతటి మనిషి ఆటోలోంచి కాళ్లు ఈడుస్తూ దిగాడు. నాలుగు రోజుల వేట ముగించుకుని వచ్చి, బోటు కట్టేసి, జెట్టీ మీద అడుగుపెట్టగానే కళ్లు తిరిగి కూలబడిపోయాడట. ఇంటికి తీసుకెళ్తే వాంతి చేసుకున్నాడు. కాఫీపొడి నీళ్లలో కలిపినట్టుందని ఆయన భార్య చెప్పింది. ఆ తర్వాతి వాంతిలో ఎర్రగా పడింది. దారంతా చీర కొంగుతో ఆయన మూతి తుడుస్తూ వచ్చింది కాబోలు, కొంగు రంగు మారిపోయింది.

ఇక్కడ మా సిస్టరు గారి గురించి చెప్పాలి. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. దివిసీమలో నాగాయలంక అవతల పల్లె. మనిషి సెలైన్ స్టాండు కంటే కాస్త పొట్టి. గొంతు మెత్తన, మాట గట్టి. నన్ను బాబాయ్ అంటుంది. ఈ అమ్మాయి వార్డుకి కొత్తగా వచ్చినప్పుడు, "పాప స్కూలు బస్సు తప్పిపోయినట్టుంది" అని నేనే అందరినీ నవ్వించాను. పదిరోజులు తిరక్కుండానే నా పని మానేసి ఆవిడ పని చూస్తూ నిలబడేవాణ్ణి.

బావ చేయి పట్టుకోగానే, "చేతులు చల్లగా ఉన్నాయి, చెమట పడుతోంది, పల్స్ నూట ఇరవై ఎనిమిది, బీపీ తొంభై, అరవై" అని డాక్టరు గారికి వరసగా చెప్పేసింది. తలకింద దిండు తీసేసి, మళ్లీ వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకి తిప్పమంది. ఆక్సిజన్ పెట్టింది. రెండు చేతులకీ రెండు లావుపాటి సూదులు. ఒకటి సరిపోదా అని నాకూ అనిపించేది కానీ, రక్తం పోతున్న మనిషికి కాసేపాగితే నరం దొరకదని, దొరికినప్పుడే రెండూ పెట్టెయ్యాలని అప్పటికే నేర్చుకున్నాను. ఒక సూదిలోంచి రక్తం తీసి గ్రూపు చూడ్డానికీ, మ్యాచింగుకీ పంపింది. ఇంకోదానికి సెలైన్ వేగంగా వదిలింది. ఇదంతా నేను బావ చొక్కా విప్పేలోపు అయిపోయింది. బొత్తాలు ఐదే ఉన్నాయి ఆ చొక్కాకి.

హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది అని వచ్చింది. మామూలుగా అంతటి మనిషికి పదమూడు, పద్నాలుగు ఉండాలి.

"ఏమైనా మందులు వాడుతున్నారాండి?" అని సిస్టరు గారు అడిగింది.

"ఏం లేవమ్మా."

"నొప్పులకి? జ్వరానికి? గుండెకి, రక్తం పలచబడ్డానికి?"

"నాకు జబ్బే లేదమ్మా, మందులెందుకు?"

మూడోసారీ అడిగింది. మూడోసారీ లేదన్నాడు. అబద్ధం ఆడే ఓపిక ఆయన దగ్గర లేదు, నిజంగానే చెబుతున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. వేటకి వెళ్లే బోటులో బియ్యం, ఉప్పు, పంచదార, టీపొడి సర్దుకుంటారు. టీపొడి డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా కూడా ఉంటుంది. అందులో ఒళ్లునొప్పుల బిళ్లలుంటాయి. వల లాగాక ఒకటి, తెల్లవారుజామున టీతో ఒకటి. దాన్ని అక్కడెవరూ మందు అనరు. అది సరుకు. ఉప్పూ పప్పూ లాంటిదే.

"బావా, టీ డబ్బా పక్కన డబ్బాలోవి రోజుకెన్ని?" అన్నాను.

"అవా? రెండు. నడుం మరీ లాగితే మూడు. అవి మందులేవిట్రా, నీ మొహం తగలెయ్య! అందరం వేసుకునేవేగా!"

"ఎన్నాళ్ల నుంచీ?"

"కార్తీకం నుంచీ అనుకుంటా."

అప్పటికి నడుస్తున్నది మాఘం.

"అన్నం తిన్నాక వేసుకుంటారా?" అంది సిస్టరు గారు.

"అన్నం పొద్దెక్కాక కదమ్మా. అవి పొద్దున్నే వేసుకుంటే గానీ వల దగ్గర వంగలేం."

సిస్టరు గారు నా వంక ఒక్క చూపు చూసి కేస్ షీట్లో రాసింది. ఆ చూపుకి నాకు గుండెలో చిన్న బ్యాండు మేళం మోగింది. సిస్టరు గారు మూడుసార్లు అడిగినా బయటకు రాని సంగతి, కడుపు గీయడం మర్చిపోయినవాడు రాబట్టాడు మరి.

"దొడ్డికెళ్తే ఏ రంగులో ఉంటోంది?" అన్నది తర్వాతి ప్రశ్న.

"సముద్రానికి తెలియాలమ్మా" అన్నాడు బావ.

హాస్యం కాదది. బోటు వెనకవైపు కూర్చుంటారు, కింద నీళ్లు. ఎవరూ చూసుకునేదేం లేదు. నాలుగు రోజుల నుంచీ లోపల రక్తం కారుతున్నా సముద్రం కడిగేసి ఊరుకుంది. చివరికి ఇంట్లో వెళ్లినప్పుడు చూసినది ఆయన భార్యే.

"తారులా ఉందమ్మా, బోటు అడుక్కి పూసే తారులా. జిగురూ, ఒకటే కంపూ" అని చెప్పి, ఆవిడ ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది: "నేను కారం ఎక్కువేస్తానండి పులుసులో. దానివల్లేనా?"

"కాదండీ" అంది సిస్టరు గారు. "కారం వల్ల మంట రావచ్చు గానీ ఇలాంటి పుండు పడదు. మీ పులుసు మీద నేరం లేదు."

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఎర్రగా కనిపించిందల్లా తను వేసిన కారమే అనుకుంటోంది పిచ్చితల్లి.

ఒక సీసా రక్తం ఎక్కుతుండగానే, బీపీ కాస్త నిలబడ్డాక, ఎండోస్కోపీ గదికి తోసుకెళ్లాను. చిన్నపేగు మొదట్లో పుండు. పుండు నడిమధ్యన రక్తనాళం మొన తేలి ఉంది, అందులోంచే కారుతోంది. డాక్టరు గారు దాని చుట్టూ ఇంజెక్షను ఇచ్చి, మొన మీద చిన్న క్లిప్పు బిగించారు. చొక్కా ఆరేసినప్పుడు పెట్టే క్లిప్పు లాంటిదే, బియ్యపుగింజంత. పుండు పక్కనుంచి కాకుండా కడుపులోంచి చిన్న ముక్క కూడా తీసి పరీక్షకి పంపారు. కడుపులో కాపురం పెట్టే ఒక రకం సూక్ష్మజీవి ఉంటుందట, పుండ్లకి అదొక పెద్ద కారణమట. ఉందనే తేలింది తర్వాత.

"సగం నేరం పురుగుది, సగం బిళ్లలది. పైన సిగరెట్లు రెండింటికీ సాయం పట్టాయి" అన్నారు డాక్టరు గారు.

వార్డుకి తెచ్చాక అందరూ అమ్మయ్య అనుకున్నారు. సిస్టరు గారు మాత్రం అనుకోలేదు. ఆవిడ మంచం పక్కన చార్టు తగిలించి నాకు క్లాసు పీకింది.

"బాబాయ్, ఇప్పుడు మొదలవుతుంది మన పని. ఈ మూడు రోజులే ప్రమాదం. మళ్లీ రక్తం పడితే ఎక్కువగా ఈ డెబ్బై రెండు గంటల్లోనే పడుతుంది. రక్తనాళం మీద రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంది. కడుపులో యాసిడ్ ఎక్కువైతే ఆ మూత కరిగిపోతుంది. అందుకే యాసిడ్ తగ్గించే మందు ఈ పంపులోంచి ఆగకుండా వెళ్తూ ఉండాలి. ఇది కూతపెడితే నన్ను పిలువు. నువ్వు నొక్కకు."

"నేనెందుకు నొక్కుతానండీ!"

"పోయిన నెల నొక్కావు."

చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.

పావుగంటకోసారి పల్స్, బీపీ, ఊపిరి చూసేది. తర్వాత అరగంటకోసారి, నిలకడగా ఉన్నాక గంటకోసారి. గోరు నొక్కి వదిలి రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసేది. రక్తం సీసా మార్చినప్పుడల్లా పేరూ గ్రూపూ ఇంకొకరితో కలిసి సరిచూసి, మొదటి పావుగంటా పక్కనే నిలబడేది. వణుకొస్తోందా, దురద ఉందా, నడుంనొప్పి ఉందా అని అడిగేది. బావ "నడుంనొప్పికే కదమ్మా ఇంతదూరం వచ్చింది" అన్నాడు. మనిషి కోలుకుంటున్నాడని అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం నేనొక ఘనకార్యం చేశాను. బావ బెడ్‌పాన్ అడిగాడు. పెట్టాను, తీశాను, మెరుపులా తీసుకెళ్లి ఫినాయిల్ వేసి కడిగి, అద్దంలా మెరిపించి తెచ్చి పెట్టాను. ఈ పనిలో నాకు పొగరు. బందరులో నా అంత వేగంగా బెడ్‌పాన్ కడిగేవాడు లేడు, కావాలంటే పోటీ పెట్టుకోవచ్చు.

సిస్టరు గారు అడిగింది: "ఏదీ?"

"కడిగేశానండీ. మొహం చూసుకోవచ్చు అందులో."

"నాకు నీ మొహం చూడాలని లేదు బాబాయ్, అందులో ఉన్నది చూడాలి. ఎంత వచ్చింది? నల్లగానా, ఎర్రగానా? గడ్డలున్నాయా?"

నాకు తెలియదు. చూడలేదు. చూడకుండా కడగడమే ఇన్నేళ్లూ మర్యాదనుకున్నాను, నాకూ పేషెంటుకీ.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "సముద్రం నాలుగు రోజులు దాచిపెట్టింది. ఇప్పుడు నువ్వు దాచిపెడితే ఎలా?" అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తర్వాత ఓపిగ్గా చెప్పింది: పాత రక్తం పేగుల్లో మిగిలి ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు నల్లగా రావచ్చు, దానికి భయపడక్కర్లేదు. మాటిమాటికీ రావడం, ముదురెరుపులోకి తిరగడం, గడ్డలు పడడం, అది కొత్త రక్తం. ఒక్క చుక్క పారబోసే ముందు తనకి చూపించాలి. మూత్రం కూడా గంటగంటకీ కొలిచి చెప్పాలి. ఆయన బరువుకి గంటకి ముప్పై మిల్లీ లీటర్లు తగ్గకూడదు. తగ్గిందంటే కిడ్నీలకి రక్తం అందట్లేదని.

"బీపీ మిషను చెప్తుంది కదండీ ఇదంతా" అన్నాను.

"బీపీ చివర్న పడుతుంది బాబాయ్. ముందు గుండె వేగం పెరుగుతుంది, చర్మానికీ కిడ్నీలకీ రక్తం తగ్గిపోతుంది. మనిషి అదోలా అయిపోతాడు. అవన్నీ అయ్యాక గానీ బీపీ పడదు. అది పడేదాకా కూర్చున్నామంటే మనం లేటు."

నా భాషలోకి మార్చుకున్నాను. ఇంట్లో సరుకులన్నీ నిండుకున్నా వచ్చిన చుట్టానికి నవ్వుతూ కాఫీ ఇచ్చే ఇల్లాలు బీపీ. ఆవిడ మొహం చూస్తే ఏమీ తెలియదు. వంటింట్లోకి తొంగిచూడాలి.

రెండో రోజు పొద్దున బావ బ్రహ్మాండంగా ఉన్నాడు. పల్స్ ఎనభై ఎనిమిది, బీపీ నూట పద్దెనిమిది, డెబ్బై. నోట్లోకి ఇంకా ఏమీ ఇవ్వకూడదు కాబట్టి, పెదాలు తడిపే దూది నేను తెస్తే, "ముప్పై ఏళ్లు నీళ్ల మీద బతికినవాడికి దూదితో నీళ్లట్రా, నీ మొహం తగలెయ్య" అన్నాడు.

"సముద్రం ముంచలేనివాణ్ణి శనగబద్దంత బిళ్ల ముంచింది బావా. రేపు హార్బర్లో మైకులో చెప్పిస్తాను."

"లేచానంటే నిన్ను ఐసులో పెట్టి కలకత్తా పంపుతానొరేయ్."

వార్డంతా నవ్వింది. పక్క మంచం గుడివాడ పెద్దాయన కుట్లు పట్టుకుని నవ్వాడు.

మధ్యాహ్నం మూడవుతుండగా బోటు వాళ్లు నలుగురు చూడ్డానికి వచ్చి వెళ్లారు. వాళ్లు వెళ్లాక నేను యూరిన్ బ్యాగ్ కొలిచాను. అంతకుముందు గంట నలభై ఐదు. ఇప్పుడు పద్దెనిమిది. ట్యూబు మడత పడిందేమోనని చూశాను, పడలేదు. బావ అటూ ఇటూ దొర్లుతున్నాడు.

"ఏం బావా, మంచం అలల మీద ఉందా?" అన్నాను.

జవాబు లేదు.

"నీ బోటుకి కొత్త డ్రైవరు కావాలట, పెళ్లికాని కుర్రాణ్ణి చూడమన్నారు."

జవాబు లేదు. కళ్లు తెరిచి నన్ను చూశాడు గానీ, నన్ను చూడలేదు. "దాహంగా ఉందిరా. ఫ్యానెయ్" అన్నాడు. ఫ్యాను నెత్తిమీద గిరగిరా తిరుగుతోంది. నుదుటి మీద చెమట.

ఆయన భార్య నా చేయి పట్టుకుంది. "వాళ్లతో మాట్లాడి అలిసిపోయాడు అన్నయ్యా. కాస్సేపు పడుకోనీ. రాత్రంతా సూదులే కదా."

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మంచం పక్కన తెర మీద బీపీ నూట పన్నెండు చూపిస్తోంది. మంచి అంకె. ఆ అంకె చూసి టీకి వెళ్లిపోవచ్చు. కానీ ఈ మనిషిని నేను పదిహేనేళ్లు ఎరుగుదును. తుఫాను హెచ్చరికలో, ఒళ్లు కాలే జ్వరంలో, వల తెగిపోయిన రోజున కూడా నేను ఒకటంటే రెండు తిట్టేవాడు. ఇవాళ రెండుసార్లు కెలికినా ఒక్క తిట్టూ రాలేదు.

పరుగెత్తలేదు గానీ నడవనూ లేదు. సిస్టరు గారు మందుల బండి దగ్గర ఉంది.

"సిస్టరు గారూ, బావ తిట్టట్లేదండీ."

ఎవరైనా నవ్వే మాట అది. ఆవిడ నవ్వలేదు. చేతిలో సిరంజి ట్రేలో పెట్టేసి వచ్చింది. నేను వెనక నడుస్తూ మిగతావి చెప్పాను: పద్దెనిమిది మిల్లీలు, చెమట, దాహం, దొర్లడం.

మణికట్టు పట్టుకుని గడియారం వంక చూసింది. "నూట ఇరవై రెండు. పైది నూట పన్నెండే గానీ కిందిది ఎనభై ఎనిమిదికి పెరిగింది. రెండూ దగ్గరపడుతున్నాయి. చేతులు చల్లబడ్డాయి."

అప్పుడే బావ మోచేతుల మీద లేవబోయాడు. "బాత్రూముకెళ్లాలి."

"లేవకూడదండీ. ఇక్కడే పెడతాం."

"ఆడవాళ్ల ముందు ఇదేంటమ్మా... నేను నడుస్తాను. నడవలేనివాణ్ణా?" కాలు కిందకి దించేశాడు.

నిలబడితే ఉన్న రక్తమంతా కాళ్లలోకి దిగి అక్కడే పడిపోతాడు. జెట్టీ మీద పడ్డట్టే. నేను భుజాలు పట్టుకుని, ఆయన చెవిలో నా జన్మలో మొదటిసారి జోకు లేకుండా మాట్లాడాను. "బావా, నువ్వు డ్రైవరువి. నీ బోటులో నీ మాట వినాలి. ఇది మా బోటు." పడుకున్నాడు.

మంచం చుట్టూ కర్టెను లాగాను. బెడ్‌పాన్ పెట్టాను, తీశాను. ఈసారి చూశాను. నలుపు కాదు. ముదురెరుపు, లోపల గడ్డలు. నా చేతులు అలవాటుకొద్దీ సింకు వైపు తిరిగాయి, నిజం చెప్పాలి కదా. వాటిని వెనక్కి తిప్పి, మూతపెట్టి సిస్టరు గారి ముందుకు తీసుకెళ్లి, మూత తీసి చూపించాను.

"బాబాయ్, మంచం తల దించు, కాళ్ల కింద దిళ్లు పెట్టు" అంది. అక్కణ్ణుంచి ఆవిడ చేసిందంతా నేను నిన్న జరిగినట్టు చెప్పగలను. సెలైన్ పూర్తిగా వదిలింది. ఆక్సిజన్ పెట్టింది. ఇంకో సిస్టరు చేత రక్తం పరీక్షకి తీయించింది. డాక్టరు గారికి ఫోన్లో, "నిన్న క్లిప్పు వేసిన పేషెంటండి. పల్స్ ఎనభై ఎనిమిది నుంచి నూట ఇరవై రెండు. యూరిన్ పద్దెనిమిది. ముదురెరుపు మోషన్, గడ్డలతో. కంగారుగా ఉన్నాడు, చల్లబడ్డాడు. మళ్లీ రక్తం పడుతోందండి" అంది. "అనుకుంటున్నానండి" అనలేదు. "పడుతోందండి" అంది.

"బీపీ ఎంత?" అని అటునుంచి అడిగినట్టున్నారు.

"ఇంకా పడలేదండి. పడేలోపు రండి."

ఇరవై ఆరేళ్ల పిల్ల! ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. సొంత కూతురు స్టేజీ మీద కప్పు అందుకుంటుంటే కింద కూర్చున్న తండ్రికి అలా ఉంటుందేమో. ముందురోజే మ్యాచింగు చేయించి ఆవిడ పక్కన పెట్టించి ఉంచిన రెండు సీసాల కోసం బ్లడ్ బ్యాంకుకి నన్ను పంపింది. మోకాళ్ల సంగతి మర్చిపోయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

నేను తిరిగొచ్చేసరికి బీపీ ఎనభై నాలుగు. బీపీ మిషను ఇప్పుడు కూతపెడుతోంది. కానీ అప్పటికే డాక్టరు గారు లోపల ఉన్నారు, సెలైన్ వెళ్తోంది, రక్తం నా చేతిలో ఉంది. ఇల్లాలు చేతులెత్తేసే వేళకి మేం వంటింట్లోనే ఉన్నాం.

మళ్లీ ఎండోస్కోపీ గది. ఆపరేషను డాక్టరు గారిని కూడా పిలిచి ఉంచారు, ఈసారీ ఆగకపోతే కోయాల్సిందేనని. బావ భార్య, నేను బయట బెంచీ మీద. ఆవిడ నన్ను అడిగింది: "నేను పడుకోనీమన్నాను కదన్నయ్యా. నువ్వు నా మాట వినుంటే?"

"నేను ఎవరి మాటా విననమ్మా. అందుకే ఏడో తరగతి దాటలేదు" అన్నాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

ముప్పావుగంటకి తలుపు తెరుచుకుంది. నిన్నటి క్లిప్పు పట్టు సడలిందట. రెండు కొత్తవి బిగించారు. కారడం ఆగింది. కోయక్కర్లేదు.

అక్కణ్ణుంచి మళ్లీ మూడు రోజులు మొదటికొచ్చాయి. మళ్లీ పావుగంటలు, అరగంటలు. వచ్చిన ప్రతి బెడ్‌పాన్‌నీ పెళ్లిపీటల మీదికి పళ్లెం తెచ్చినట్టు రెండు చేతులతో తెచ్చి సిస్టరు గారికి చూపించాను. నాలుగో రోజున నలుపు విరిగి గోధుమరంగు తిరిగింది. అది చూసి మేమిద్దరం నవ్వుకున్న నవ్వు బయటివాళ్లకి అర్థం కాదు. అర్థం కాకపోవడమే మంచిది. ఐదో రోజున గంజి తాగి, "ఉప్పేదిరా, నీ మొహం తగలెయ్య" అన్నాడు బావ. నాకు సన్మానపత్రం చదివినట్టుంది.

ఆ వారంలోనే ఒకరోజు సిస్టరు గారు కేస్ షీట్ రాసుకుంటుంటే పక్కన నిలబడ్డాను.

"ఆ మధ్యాహ్నం ఏం రాశారండీ?"

పేజీలు వెనక్కి తిప్పి వేలుపెట్టి చూపించింది. ఇంగ్లీషులో ఉంది. చదివి తెలుగులో చెప్పింది: మూడూ పదికి, పేషెంటు ఎప్పటిలా మాట్లాడడం లేదని, మూత్రం తగ్గిందని వార్డ్ అటెండెంట్ తెలియజేశారు. వెంటనే పరీక్షించడమైనది.

"మళ్లీ చదవండి."

చదివింది.

"తెలియజేశారు అనే రాశారా? చెప్పాడు అని కాదుగా?"

"ఇంగ్లీషులో రెండూ ఒకటే బాబాయ్."

"మీరు తెలుగులో తెలియజేశారు అనే చదవండి."

మూడోసారి కూడా చదివింది. నా గురించి కాగితం మీద మంచి రాయడం అదే మొదలు. అంతకుముందు రాసినవన్నీ ఎర్రసిరాతో. బాయ్‌ని కాస్తా ఆ ఒక్క లైనుతో అటెండెంట్‌ని చేసింది. ఆ రోజు ఇంటికెళ్లి నా నడుంనొప్పి బిళ్లలు, అవును, నాకూ ఒక డబ్బా ఉంది, ఐసు మోసిన నాటి అలవాటు, మొత్తం తీసి పారేశాను. మా ఆవిడ అడిగితే, "డాక్టర్లు మానెయ్యమన్నారు" అని గొప్పగా చెప్పాను. ఏ డాక్టరూ నన్ను చూడలేదు.

బావ ఇంటికెళ్లేటప్పుడు సిస్టరు గారు ఆయన్నీ, ఆయన భార్యనీ కూర్చోబెట్టి చెప్పింది. పురుగుని చంపే మందులు రెండు వారాలు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఒళ్లునొప్పుల బిళ్ల ముట్టకూడదు, ఎవరిచ్చినా. నొప్పుంటే అడిగి వేరేది వేసుకోవాలి. సిగరెట్టు మానాలి. తారులా కనిపించినా, కళ్లు తిరిగినా, ఆటో ఎక్కాలి. "సముద్రంలో ఉంటే?" అన్నాడు బావ. "సముద్రంలో ఉన్నా చూసుకోవాలి" అంది. తర్వాత విన్నాను, ఆ బోటులో టీ డబ్బా పక్కన డబ్బా లేదట. ఒక బకెట్టు ఉందట. దానికి మిగతా బోట్ల వాళ్లు పెట్టిన పేరు ఇక్కడ రాయలేను.

రెండు నెలల తర్వాత పురుగు పోయిందో లేదో పరీక్షకి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. పోయింది. బావ మొహంలోకి రక్తం వచ్చింది, నడకలోకి పాత ఊపు వచ్చింది. సిస్టరు గారికి పండుగప్ప చేప తెచ్చివ్వబోతే ఆవిడ తీసుకోనంటే, అది చివరికి నా సంచిలో పడింది. న్యాయం ఎప్పుడైనా చేరాల్సిన చోటికే చేరుతుంది.

వరండాలో పదిమంది ఉన్నారు. ఇంత మంచి సమయం దొరికితే ఊరుకుంటానా? గొంతు పెంచి అన్నాను: "చూడండీ, ఈయన ఇవాళ నడుస్తున్నాడంటే కారణం మిషన్లు కాదు, నా జోకు! నేను జోకేస్తే నవ్వలేదు, నోరెత్తలేదు. వెంటనే పసిగట్టాను, రెండు సీసాలు రక్తం ఎక్కించారు. నా జోకే పెద్ద పరీక్ష!"

సిస్టరు గారు నోటికి చార్టు అడ్డం పెట్టుకుంది. బావ నా భుజం మీద చెయ్యేసి, వరండా అంతా వినేట్టు అన్నాడు:

"నీ జోకులకి నవ్వనివాళ్లందరికీ రక్తం ఎక్కించాలంటే, నీ మొహం తగలెయ్య, బందరూ గుడివాడా దివిసీమా మూడూ పిండినా చాలదురా!"